కొత్త పాటలోని హుక్ ఏ పాత పాటదో పట్టుకోవడం ఎలా: మొదటి అనుమానం నుంచి రుజువు దాకా

"ఈ బిట్ ఎక్కడో విన్నాను, కానీ ఏ పాటలోదో తట్టడం లేదు. షాజామ్‌లో పెడితే కొత్త పాట పేరే చూపిస్తోంది. అసలుది ఎలా కనుక్కోవాలి?" అని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. షాజామ్ అంటే పాటను విని పేరు చెప్పే యాప్. దానికి మీరు వినిపించింది కొత్త పాటే కనుక అది కొత్త పాట పేరే చెబుతుంది. పాత పాట పేరు దానితో చెప్పించాలంటే కొత్త పాటలోంచి ఆ ముక్కను విడదీసి, దాన్ని మునుపటి వేగానికి, మునుపటి శ్రుతికి తిరిగి తీసుకురావాలి. చాలామంది ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

ఉదాహరణగా 2003 నాటి ఆల్బమ్‌లో వచ్చిన బ్రిట్నీ స్పియర్స్ పాట 'టాక్సిక్'ను తీసుకుంటున్నాను. అందులో కీచుగా దూసుకొచ్చే వయొలిన్ల హుక్, అంటే పదేపదే వచ్చి చెవికి అతుక్కుపోయే ముక్క, మన బాలు గారు పాడిన ఒక పాట నుంచి వచ్చింది.

1. ముందుగా దేనికోసం వెతుకుతున్నారో తేల్చుకోండి

పాత పాటను గుర్తుకు తెచ్చే ప్రతి బిట్టూ శాంపిల్ కాదు. పాత రికార్డింగ్‌లోని ధ్వనినే కోసి కొత్త పాటలో అతికిస్తే అది శాంపిల్. పాత బాణీని కొత్త కళాకారులతో మళ్లీ వాయించి గానీ పాడించి గానీ వాడితే అది పునర్వాదనం. అందులో స్వరాలు పాతవే అయినా ధ్వని కొత్తది. మూడోది రెడీమేడ్ లూప్. సంగీత దర్శకులు కొనుక్కునే లూప్ ప్యాకుల్లోని ఒకే ముక్క, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పాటల్లో వినిపించవచ్చు. అలాంటప్పుడు ఏ పాటా మరో పాట నుంచి తీసుకున్నట్టు కాదు.

హైదరాబాద్ శ్రోతలకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. తీన్‌మార్ దెబ్బ, మర్ఫా వరస వినగానే "ఇది ఫలానా పాటలోంచి ఎత్తారు" అనిపించడం సహజం. అయితే అవి బారాత్‌లలో, బోనాల్లో, గణేశ్ నిమజ్జనంలో అందరూ వాయించే వరసలు. ఇద్దరు సంగీత దర్శకులు ఒకే దరువు వాడారన్నది శాంపిల్‌కు సాక్ష్యం కాదు. వెతుకులాటను దరువుతో మొదలుపెట్టకండి. రాగచ్ఛాయ ఉన్న ముక్కనో, గొంతునో, వాద్యబృందం బిట్టునో పట్టుకోండి.

2. దగ్గర ఉంచుకోవలసినవి

- చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్. ఫోన్ స్పీకర్లో సన్నని చప్పుళ్లు వినిపించవు.
- కొత్త పాట అధికారిక ఆడియో, వీలైనంత మంచి నాణ్యతలో. రీల్స్‌లో తిరిగే కాపీలకు ఎవరో వేగం మార్చి ఉంటారు కాబట్టి అవి పనికిరావు.
- కంప్యూటర్లో ఆడాసిటీ. ధ్వనిని కోసి, మార్చుకునే ఈ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.
- ఫోన్‌లో షాజామ్, గూగుల్ యాప్, శ్రుతి చూపించే ట్యూనర్ యాప్ ఒకటి.
- ఒక నోటు పుస్తకం. ఏ ముక్కను ఎంత మార్చి విన్నారో రాసుకోకపోతే తరువాత ఏదీ గుర్తుండదు.

3. శాంపిల్‌ను పట్టించే గుర్తులు

హుక్ వచ్చే చోటును పదేపదే వినండి. బాణీ మీద కాకుండా బాణీ చుట్టూ ఉన్న వాటి మీద దృష్టి పెట్టండి.

మొదటిది, హుక్‌తో పాటే వచ్చి హుక్‌తో పాటే మాయమయ్యే చప్పుడు. పాత రికార్డు చిటపటలు, టేపు సుయ్‌మనే ధ్వని, దూరంగా మరో వాద్యం చివరి నాదం, గాయని ఊపిరి పీల్చుకున్న శబ్దంలో ఒక ముక్క ఇలా వినిపించవచ్చు. కొత్తగా వాయించిన బిట్టులో ఇవి ఉండవు.

రెండోది, నాదం తోక తెగడం. స్టూడియో గదిలో మోగిన వయొలిన్ ఆగాక దాని ప్రతిధ్వని క్రమంగా చల్లారాలి. శాంపిల్‌లో ఆ ప్రతిధ్వని మధ్యలో కత్తిరించినట్టు ఆగిపోతుంది, లేదా తరువాతి ముక్క దాని మీదికి వచ్చి పడుతుంది.

మూడోది, అసహజమైన వణుకు. గాయకులు దీర్ఘంగా పట్టిన స్వరంలో కనిపించే వణుకు సాధారణంగా సెకనుకు ఐదారు సార్ల దగ్గర ఉంటుంది. రికార్డింగ్ వేగం పెంచితే శ్రుతితో పాటు ఆ వణుకు కూడా వేగమవుతుంది. గొంతు పిల్లల గొంతులా పలచబడుతుంది. తీగ మీద వేలు జార్చి వాయించిన జారులు కూడా గభాలున ముగుస్తాయి. వేగం మార్చారని చెప్పే గుర్తుల్లో నేను ఎక్కువగా నమ్మేది దీన్నే, ఎందుకంటే ఎంత మెరుగులు దిద్దినా ఈ వణుకును దాచడం కష్టం.

నాలుగోది, శ్రుతిలో తేడా. హుక్ ఒంటరిగా వినిపించే చోట ట్యూనర్ పెట్టి చూడండి. మిగతా వాద్యాలు కచ్చితంగా శ్రుతిలో ఉండి హుక్ ఒక్కటే కొంచెం పైకో కిందికో ఉంటే అది బయటి నుంచి వచ్చి ఉండవచ్చు. కొందరు నిర్మాతలు పాట మొత్తాన్నీ శాంపిల్ శ్రుతికే సర్దుతారు. అందువల్ల తేడా కనిపించనంత మాత్రాన శాంపిల్ కాదని కొట్టిపారేయకూడదు.

వీటిలో కనీసం రెండు గుర్తులు దొరికితేనే ముందుకు సాగండి. ఒక్కదానితో తొందరపడితే మోసపోతారు, ఎందుకంటే ఈ మధ్య పాతకాలపు భావన కోసం కొత్త ధ్వని మీద చిటపటలను కావాలనే అద్దుతున్నారు.

4. ముక్కను కోసుకోవడం

పాట మొత్తంలో హుక్ అతి తక్కువ వాద్యాలతో వినిపించే చోటును వెతకండి. అది సాధారణంగా పాట మొదటి సెకన్లలోనో, చివరి చరణానికి ముందు డ్రమ్స్ ఆగే చోటనో ఉంటుంది. అక్కడ ఎనిమిది నుంచి పదిహేను సెకన్లు కోసి వేరే ఫైలుగా దాచుకోండి. హుక్ మూడు సెకన్లదే అయితే దాన్ని అలాగే ఉంచండి. పొడవు కోసం అదే ముక్కను పదిసార్లు అతికిస్తే గుర్తించే యాప్‌లకు అది మరో కొత్త పాటగా తోస్తుంది.

కింద బేస్ డ్రమ్ దెబ్బలు అడ్డుపడితే ఆడాసిటీలో `High-Pass Filter` తీసుకుని 200 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. వయొలిన్లు, ఆడగొంతు ప్రధానంగా దానికి పైనే ఉంటాయి కాబట్టి మీకు కావలసింది పెద్దగా పోదు.

5. వేగాన్ని వెనక్కి తిప్పడం

షాజామ్ వంటి యాప్ ధ్వనిలో బలంగా ఉన్న బిందువులను, అవి ఏ స్థాయిలో ఉన్నాయో, వాటి మధ్య ఎంత కాలం గడిచిందో లెక్కగట్టి ఒక వేలిముద్రలా దాచుకుంటుంది. శ్రుతి మారితే ఆ బిందువులన్నీ పైకో కిందికో జరుగుతాయి. వేగం మారితే వాటి మధ్య దూరాలు మారతాయి. అందుకే శ్రుతి పెంచిన శాంపిల్ మన చెవికి ఎంత పరిచితంగా అనిపించినా యాప్‌కు అది తెలియని ధ్వనే.

దీన్ని సరిదిద్దడానికి సెమీటోన్ లెక్క ఒక్కటి తెలిస్తే సరిపోతుంది. హార్మోనియం మీద తెల్లవీ నల్లవీ కలిపి లెక్కిస్తే పక్కపక్కనే ఉన్న రెండు మెట్ల మధ్య దూరం ఒక సెమీటోన్. రికార్డింగ్‌ను n సెమీటోన్లు మార్చడానికి వేగాన్ని ఎన్నింతలు చేయాలో ఈ సూత్రం చెబుతుంది:

```
ratio = 2^(n/12)
```

మూడు సెమీటోన్లు దించాలంటే n విలువ -3 అవుతుంది, వేగం 0.841 రెట్లకు తగ్గుతుంది. కొత్త పాటలో నిమిషానికి 120 బీట్స్ వేగంతో నడిచే ముక్క అప్పుడు దాదాపు 101 దగ్గరికి వస్తుంది. ఈ రెండో అంకెను తప్పకుండా రాసుకోండి. పాత పాట దొరికాక దాని వేగం ఇదే అయితే మీ లెక్కకు అది మంచి బలం.

ఆడాసిటీలో దీనికి `Change Speed and Pitch` వాడాలి. పాత వెర్షన్లలో దాని పేరు `Change Speed`. ఇది వేగాన్నీ శ్రుతినీ కలిపి మారుస్తుంది, పాత రికార్డును నెమ్మదిగా తిప్పినట్టే. పని ఈ వరుసలో చేయండి:

1. మొదట పై సూత్రంతో వేగం లెక్కగట్టి -1 నుంచి -6 సెమీటోన్ల వరకు ఆరు కాపీలు తయారు చేసుకోండి. పేర్లు `hook_m1`, `hook_m2` అని పెడితే గందరగోళం ఉండదు.
2. ఒక్కొక్కటి వినండి. గొంతు ఉంటే అది పెద్దవారి గొంతులా, వణుకు తీరుగా వినిపించే కాపీని గుర్తించండి. గొంతు లేకపోతే తీగల జారులు తాపీగా, చేతితో వాయించినట్టు అనిపించే కాపీని గుర్తించండి.
3. ఆ కాపీతో పాటు దానికి అటూ ఇటూ ఉన్న రెండింటినీ షాజామ్‌కు వినిపించండి.
4. ఫలితం రాకపోతే ఈసారి `Change Pitch` వాడి, వేగం అలాగే ఉంచి శ్రుతిని మాత్రమే దించండి. ఈ రోజుల్లో నిర్మాతలు రెండింటినీ విడివిడిగా మార్చగలరు కాబట్టి ఈ దారి కూడా చూడాలి.
5. హుక్ మందంగా, మత్తుగా, బరువుగా వినిపిస్తే దాన్ని నెమ్మది చేసి ఉంటారు. అప్పుడు +1 నుంచి +6 వరకు పెంచి చూడండి.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు, నాలుగో మెట్టును మొదటే చేయడం. వేగాన్నీ శ్రుతినీ కలిపి మార్చిన ముక్కకు శ్రుతిని మాత్రమే దించితే స్వరాలు సరైన చోటికి వచ్చినా వణుకు వేగంగానే మిగిలిపోతుంది. స్వరస్థానం సరిగ్గా ఉండి వణుకు తేడాగా ఉంటే మీరు తప్పు పరికరం వాడినట్టు.

6. యాప్ చెప్పకపోతే

గూగుల్ యాప్‌లో పాట వెతికే సదుపాయం తెరిచి ఆ బిట్టును పది, పదిహేను సెకన్లు కూనిరాగంగా తీయండి. ఇది ధ్వని వేలిముద్రతో కాకుండా బాణీ ఆకారంతో పోలుస్తుంది కాబట్టి శ్రుతి ఏదైనా ఫరవాలేదు. అయితే ఇది ఎక్కువగా పాట పల్లవిని పట్టుకుంటుంది. చరణానికి ముందు వచ్చే వాద్యబృందం బిట్టును పట్టడంలో బలహీనం.

శాంపిల్‌లో మాటలు ఉంటే దారి సులువు. 2002లో వచ్చిన అమెరికన్ గాయని ట్రూత్ హర్ట్స్ పాట 'అడిక్టివ్'లో లతా మంగేష్కర్ గొంతు మాటలతో సహా వినిపిస్తుంది. ఆ మాటలను విన్నంతవరకు రాసుకుని వెతికితే 1981 నాటి 'జ్యోతి' చిత్రంలో బప్పీ లహిరి స్వరపరచిన 'థోడా రేశమ్ లగ్తా హై' దగ్గరికి చేరతారు. భాష రాకపోయినా చెవికి వినిపించినట్టు తెలుగు లిపిలో రాసుకుని, ఆ భాష తెలిసినవారికి చూపించండి.

మాటలు లేని బీజీఎం బిట్ అయితే మనుషులను అడగడమే మేలు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ వంటి చోట్ల పాత పాటల కార్యక్రమాలకు కీబోర్డు, వయొలిన్ వాయించేవారికి బీజీఎంలు కంఠతా వచ్చి ఉంటాయి, ఎందుకంటే వారు వాయించేది అవే. అడిగే పద్ధతి ముఖ్యం. వేగం సరిచేసిన ముక్కనే వినిపించండి, కొత్త పాట పేరు చెప్పకండి. "అన్నా, ఇది ఏ పాటలో బీజీఎం?" అని మాత్రమే అడగండి. కొత్త పాట పేరు వినగానే వారి ఆలోచన అటే పోతుంది.

దీనికి సమాంతరంగా క్రెడిట్స్ చూడండి. కొత్త పాట రచయితల పట్టికలో పొంతన లేని పేరు కనబడితే అదే దారి చూపుతుంది. 2005లో వచ్చిన బ్లాక్ ఐడ్ పీస్ పాట 'డోంట్ ఫంక్ విత్ మై హార్ట్' రచయితల్లో కల్యాణ్‌జీ ఆనంద్‌జీ, ఇందీవర్ పేర్లు ఉన్నాయి. అక్కడి నుంచి 1978 నాటి 'డాన్'లో ఆశా భోస్లే పాడిన 'యే మేరా దిల్' చేరడానికి ఎంతోసేపు పట్టదు. కానీ క్రెడిట్ లేకపోవడం దేనికీ సాక్ష్యం కాదు. 'అడిక్టివ్' విడుదలైనప్పుడు బప్పీ లహిరి పేరు లేదు. ఆ పేరు చేర్చకుండా అమ్మరాదని 2003లో అమెరికా కోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఏ పాటలో ఏ పాట శాంపిల్ ఉందో చెప్పే WhoSampled వెబ్‌సైట్ జాబితాను కూడా చూడవచ్చు. అందులోని వివరాలు వాడుకరులు చేర్చేవి కనుక వాటిని ఆధారంగా తీసుకుని, రుజువు మీరే చేసుకోండి.

7. 'టాక్సిక్' మీద ఇదంతా చేసి చూద్దాం

పాట తెరుచుకోవడమే వయొలిన్లతో. కాబట్టి ముక్క కోసుకోవడానికి మొదటి సెకన్లే చాలు. ఒక వయొలిన్ కాదు, ఒకే స్వరాన్ని కలిసి పట్టిన పెద్ద గుంపు. ఆ గుంపు జారుతూ పైస్థాయికి ఎగబాకుతుంది, అక్కడ నిలవకముందే నాదం తెగి తరువాతి ముక్క మొదలవుతుంది. జారు వేగం చేతితో వాయించగలిగినదాని కంటే చురుగ్గా ఉంటుంది. మూడో భాగంలో చెప్పిన గుర్తుల్లో రెండు ఇక్కడే దొరికాయి: తోక తెగడం, జారు గభాలున ముగియడం.

ముక్కను మెట్టు మెట్టుగా దించి వింటే, కీచుదనం తగ్గి బొంబాయి సినిమా వాద్యబృందాల తీరు బయటపడుతుంది. పదుల కొద్దీ వయొలిన్లు ఒకే గీతను కలిసి వాయిస్తూ స్వరం నుంచి స్వరానికి జారే ఆ పద్ధతి డెబ్బైల, ఎనభైల హిందీ పాటలు విన్నవారికి వెంటనే తెలుస్తుంది. ఇక్కడ గొంతు లేదు కాబట్టి మాటలతో వెతికే దారి మూసుకుపోయింది. రచయితల పట్టికలో కూడా హిందీ సంగీత దర్శకుల పేర్లు లేవు. మిగిలినవి యాప్, కూనిరాగం, బీజీఎంలు తెలిసిన మనిషి.

సమాధానం 1981 నాటి 'ఏక్ దూజే కే లియే' చిత్రంలోని 'తేరే మేరే బీచ్ మే'. సంగీతం లక్ష్మీకాంత్ ప్యారేలాల్, గానం లతా మంగేష్కర్, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. ఇక్కడ మన చెవిని వెతుకులాట మధ్యలో మోసగించే విషయం ఒకటుంది. హుక్ కోసిన వయొలిన్లు మనకు గుర్తున్న పల్లవి కాదు. బాలు గారి గొంతు వచ్చే భాగాన్నే మనసులో పెట్టుకుని పోల్చితే రెండు పాటలకూ సంబంధమే లేదనిపిస్తుంది. పోల్చవలసింది గొంతుల చుట్టూ నడిచే వయొలిన్ల భాగాన్ని.

పైగా శాంపిల్‌లో ముక్కలను కోసి, శ్రుతి మార్చి, కొత్త వరుసలో పేర్చారు. అందుకే పాత పాటలో ఆ హుక్ మొత్తం ఒకేచోట, అదే క్రమంలో దొరుకుతుందని ఎదురుచూడకూడదు. హుక్‌ను జారు వరకు ఒక ముక్కగా, తరువాతి మలుపు మరో ముక్కగా విడదీసి, ఒక్కోదాన్ని విడిగా పాత పాటలో వెతకాలి. ముక్కలుగా చేసి అతికించిన శాంపిల్ దేనికైనా ఇదే పద్ధతి.

8. ఏ భాషలోది, ఏ రికార్డింగ్‌ది

పాట పేరు తెలిసిన తరువాత కూడా పని సగమే అయింది. శాంపిల్ వచ్చేది ఒక నిర్దిష్ట రికార్డింగ్ నుంచి.

'ఏక్ దూజే కే లియే' 1978 నాటి తెలుగు చిత్రం 'మరో చరిత్ర'కు హిందీ రూపం కాబట్టి హుక్ మూలం తెలుగు పాటలో ఉంటుందని మనవారు చాలామంది అనుకుంటారు. కథ ఒకటే, దర్శకుడు కె. బాలచందర్ గారే, కానీ తెలుగు చిత్రానికి సంగీతం ఎం.ఎస్. విశ్వనాథన్ గారిది. బాణీలు వేరు, రికార్డింగ్ వేరు. అక్కడ వెతికితే సమయం వృథా. హిందీలోనే ఈ పాటకు బాలు గారు ఒక్కరే పాడిన విషాద రూపం కూడా ఉంది. దాన్ని పెట్టుకుని "సరిపోలడం లేదు" అని వదిలేయకండి, యుగళగీతంతోనే పోల్చండి.

డబ్బింగ్ చిత్రాల విషయం దీనికి పూర్తిగా భిన్నం. బ్రిటిష్ గాయని ఎం.ఐ.ఎ. 2007లో చేసిన 'బాంబూ బంగా'లో ఇళయరాజా గారి 'కాట్టుక్కుయిలు' శాంపిల్ ఉంది. అది 1991 నాటి తమిళ 'దళపతి'లోని పాట. మన దగ్గర అదే బాణీ 'సింగారాల పైరుల్లోన'గా అందరికీ తెలుసు. డబ్బింగ్‌లో వాద్యాల ట్రాక్ ఒకటే ఉండి గొంతులు మాత్రమే మారడం మామూలు కనుక, వాద్యాలు మాత్రమే ఉన్న ముక్కను బట్టి తమిళమా తెలుగా అని ఎవరూ తేల్చలేరు. గొంతు తునక ఉంటే తప్ప భాష గురించి తీర్పు ఇవ్వకండి.

పోల్చడానికి తెచ్చుకున్న కాపీని కూడా అనుమానించండి:

- 'ఝంకార్ బీట్స్' అని ఉంటే దాని మీద తరువాత డ్రమ్స్ కలిపారు. పోలికకు పనికిరాదు.
- కవర్ వెర్షన్ క్యాసెట్ల నుంచి వచ్చిన ఆడియోలో పాడింది వేరే గాయకులు, వాయించింది వేరే బృందం.
- సినిమాలోని పాటకు, రికార్డు మీది పాటకు నిడివిలో తేడా ఉండవచ్చు. బిట్ ఒకదానిలో ఉండి మరొకదానిలో ఉండకపోవచ్చు.
- రికార్డు నుంచో క్యాసెట్ నుంచో ఎక్కించిన కాపీ వేగం కొద్దిగా తేడాగా ఉండవచ్చు. అలాంటి దానితో సెమీటోన్ లెక్క పూర్తి అంకెలో రాదు.

నగరంలో ఉన్నవారికి జుమ్మెరాత్ బజార్ వంటి పాత వస్తువుల సంతలు ఒక దారి. అసలు ఎల్‌పీ రికార్డు అట్ట దొరికితే సంగీత దర్శకుడు, గాయకులు, సంవత్సరం అన్నీ ఒకేచోట చూసుకోవచ్చు.

9. రుజువు

స్వరాలు కలవడం రుజువు కాదు, ఎందుకంటే మళ్లీ వాయించినా స్వరాలు కలుస్తాయి. ఎవరూ కావాలని చేయని చిన్న చిన్న విషయాలు కలవాలి. కమాను తీగను తాకిన గరుకు చప్పుడు, గుంపులో ఒక వయొలిన్ రవ్వంత ముందు మొదలవడం, వెనుక లీలగా వినిపించే మరో వాద్యం వంటివి.

ఆడాసిటీలో కొత్త ముక్కను ఒక ట్రాక్‌లో, పాత ముక్కను దాని కింద మరో ట్రాక్‌లో పెట్టండి. పాతదాన్ని కొత్తదాని శ్రుతికి, వేగానికి మార్చి, మొదటి స్వరం అంచులు ఒకే గీత మీదికి వచ్చేలా జరపండి. తరువాత ఒకటి ఎడమ చెవికి, మరొకటి కుడి చెవికి పంపి హెడ్‌ఫోన్స్‌లో వినండి. అసలు శాంపిలే అయితే రెండూ కలిసిపోయి తల మధ్యలో ఒకే ధ్వనిగా వినిపిస్తాయి. మళ్లీ వాయించినదైతే స్వరాలు ఒకటే అయినా ఒకదాని వెనుక ఒకటి పరుగెడుతున్నట్టు, విడివిడిగా వినిపిస్తాయి.

మొదటి సెకనులో కలిసి తరువాత విడిపోతే వేగం లెక్కలో కొద్ది తేడా ఉంది. సెమీటోన్‌లో పదోవంతు చొప్పున సర్ది మళ్లీ చూడండి. ఒక స్వరం వరకు చక్కగా కలిసి ఉన్నట్టుండి పూర్తిగా తప్పితే అక్కడ నిర్మాత కోత పెట్టాడు. ఆ చోటు నుంచి కొత్త ముక్కగా తీసుకుని పాత పాటలో వేరే చోట వెతకండి.

ఒక ట్రాక్‌కు `Invert` పెట్టి రెండింటినీ కలిపితే ధ్వని పూర్తిగా మాయం కావాలని కొందరు చెబుతారు. కొత్త పాటలో ఆ ముక్క మీద డ్రమ్స్, ప్రతిధ్వని, మెరుగులు చేరి ఉంటాయి కాబట్టి అది దాదాపు ఎప్పుడూ జరగదు. హుక్ బలం స్పష్టంగా తగ్గితే చాలు. తగ్గకపోయినా శాంపిల్ కాదని అర్థం కాదు, అప్పుడు చెవుల పరీక్షనే నమ్మండి.

చివరగా నోటు పుస్తకంలో ఇవి రాసుకోండి: కొత్త పాటలో హుక్ వచ్చే నిమిషం, సెకను, పాత పాట పేరు, చిత్రం, సంవత్సరం, ఏ కాపీతో పోల్చారు, అందులో ఆ ముక్క ఎక్కడుంది, ఎన్ని సెమీటోన్ల తేడా, వేగం శ్రుతితో కలిసి మారిందా, విడిగా మారిందా, చెవుల పరీక్షలో కలిసిన చిన్న విషయం ఏది. ఈ ఆఖరి గడి ఖాళీగా ఉంటే ఆ జంట పక్కన "పోలిక" అని మాత్రమే రాయండి, "శాంపిల్" అని రాయకండి.